చేతికొచ్చిన వడ్డీ, మిగిలిన విలువ

2021 మార్చిలో పెద్ద ప్రభుత్వ బ్యాంకులో ఏడాదికి ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే వడ్డీ 5 శాతం దగ్గర ఉండేది. కరోనా దెబ్బకు రిజర్వు బ్యాంకు 2020 మేలో రెపో రేటును 4 శాతానికి దించింది, డిపాజిట్ల వడ్డీ కూడా దాని వెంటే దిగింది. ఒక విశ్రాంత ఉద్యోగి ఆ నెలలో లక్ష రూపాయలు దాచారనుకుందాం. లెక్క సులువుగా ఉండేందుకు వడ్డీని ఏడాదికి ఒక్కసారే కడితే, 2022 మార్చిలో ఆయన చేతికి 1,05,000 వస్తుంది. పాస్‌బుక్కు ప్రకారం 5,000 లాభం. అందులో అబద్ధమేమీ లేదు.

అయితే అదే ఏడాదిలో వంటనూనె, పెట్రోలు, గ్యాస్ సిలిండర్, మందుబిళ్లలు కూడా కదిలాయి. 2021 మార్చిలో లక్ష రూపాయలకు వచ్చిన సరుకులు, సేవలు 2022 మార్చిలో 1,05,000కు వస్తాయా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే నిజ రాబడి లెక్క. పాస్‌బుక్కులో కనిపించే 5 శాతం నామినల్ రాబడి. ధరల పెరుగుదలను పక్కకు తీశాక కొనుగోలు శక్తిలో మిగిలేది నిజ రాబడి. బ్యాంకు ఉద్యోగులు రాసే జేఏఐఐబీ నుంచి ఎన్ఐఎస్ఎం పెట్టుబడి సలహాదారు పరీక్ష, సీఎఫ్ఏ మొదటి స్థాయి వరకూ ఈ లెక్క ఏదో ఒక రూపంలో ఎదురవుతుంది. సూత్రం ఒక్క వరుసే. అయినా మార్కులు పోతుంటాయి, ఎందుకంటే తప్పు చాలావరకు సూత్రంలో జరగదు. దానికి ముందో వెనకో జరుగుతుంది.

మొదటి తప్పు సూచీ దగ్గరే మొదలవుతుంది. వినియోగదారుల ధరల సూచీ, 2012 సంవత్సరాన్ని 100గా తీసుకున్న శ్రేణిలో, 2021 మార్చిలో 156.8గా ఉంది. 2022 మార్చికి 167.7కు చేరింది. తేడా 10.9. కంగారులో ఉన్న అభ్యర్థి ద్రవ్యోల్బణం 10.9 శాతం అని రాసేస్తాడు. ఆ 10.9 పాయింట్లే తప్ప శాతం కాదు. శాతం కావాలంటే బయలుదేరిన చోటుతో, అంటే 156.8తో భాగించాలి. అప్పుడు 6.95 శాతం వస్తుంది. సూచీ 100 దగ్గర ఉన్న ఏడాదిలో మాత్రమే పాయింట్లూ శాతమూ ఒకటవుతాయి. ప్రశ్న తయారుచేసేవారికి ఈ సంగతి బాగా తెలుసు కాబట్టే ద్రవ్యోల్బణం రేటు ఇవ్వకుండా రెండు సూచీ అంకెలు ఇచ్చి వదిలేస్తుంటారు.

ఇక అసలు లెక్క. వడ్డీ 5 శాతం, ధరల పెరుగుదల 6.95 శాతం. తీసివేస్తే మైనస్ 1.95. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. సరైన పద్ధతి భాగహారం:

1.05 ÷ 1.0695 = 0.9818

అంటే నిజ రాబడి మైనస్ 1.82 శాతం. విశ్రాంత ఉద్యోగి చేతిలో ఉన్న 1,05,000 రూపాయలు, ఏడాది క్రితపు ధరల్లో చూస్తే 98,175 రూపాయల సరుకుకే సరిపోతాయి. లెక్కలో 5,000 పెరిగింది, బజారులో 1,825 తగ్గింది.

తీసివేత ఎందుకు తప్పో తెలిస్తే సూత్రాన్ని బట్టీ పట్టాల్సిన పని ఉండదు. ఏడాది తర్వాత ఈ సరుకు కొనాలంటే ప్రతి వంద రూపాయలకూ 106.95 కావాలి, చేతిలో ఉన్నది 105. కాబట్టి 1.95 తక్కువ పడింది. ఆ 1.95 ఏడాది చివరి రూపాయల్లో ఉంది, పెట్టుబడి పెట్టిన వంద మాత్రం ఏడాది మొదటి రూపాయల్లో ఉంది. రెంటినీ పోల్చాలంటే ముందు ఒకే నాటి రూపాయలుగా మార్చాలి. 1.95ను 1.0695తో భాగిస్తే 1.82. అంటే తీసివేసి ఆగిపోకుండా, వచ్చినదాన్ని మళ్లీ ద్రవ్యోల్బణపు గుణకంతో భాగిస్తే సరైన జవాబే వస్తుంది. పరీక్షలో క్యాలిక్యులేటర్ తడబడినప్పుడు సరిచూసుకోవడానికి ఇది మంచి దారి.

ఈ సంబంధానికి అమెరికా ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ పేరే ఉంది. యేల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన ఆయన 1896లోనే వడ్డీకీ డబ్బు విలువలోని మార్పుకీ ఉన్న ముడిని వివరించారు, 1930లో వడ్డీ సిద్ధాంతంపై రాసిన పుస్తకంలో దాన్ని విస్తరించారు. ఆ రెండింటి మధ్యలో, 1929లో షేర్ల మార్కెట్ కుప్పకూలడానికి కొద్ది రోజుల ముందు, ధరలు ఎత్తైన చోట స్థిరపడ్డాయని ప్రకటించి సొంత ఆస్తినీ పోగొట్టుకున్నారు. సూత్రం మాత్రం చెక్కుచెదరలేదు.

మన దేశపు అంకెల్లో తీసివేతకూ భాగహారానికీ తేడా పదమూడు పైసలే కదా, ఇంత పట్టింపు దేనికని అనిపించవచ్చు. టర్కీ అంకెలు చూస్తే ఆ అనుమానం తీరుతుంది. 2021 అక్టోబరు చివరలో అక్కడి కేంద్ర బ్యాంకు విధాన రేటు 16 శాతం. 2022 అక్టోబరుకు వార్షిక ద్రవ్యోల్బణం 85.51 శాతానికి ఎగబాకింది. ఆ 16 శాతం రేటుకే ఒకరు ఏడాదిపాటు లీరాలు దాచారనుకుందాం. తీసివేస్తే నష్టం 69.5 శాతం, అంటే కొనుగోలు శక్తిలో మూడింట రెండొంతులకు పైగా ఆవిరైనట్టు. భాగిస్తే 1.16 ÷ 1.8551 = 0.6253, నష్టం 37.5 శాతం. ఇదీ ఘోరమే, కానీ ఇక్కడ తీసివేత నష్టాన్ని దాదాపు రెట్టింపు చేసి చూపించింది. ద్రవ్యోల్బణం ఎంత ఎక్కువైతే తీసివేత అంత దారి తప్పుతుంది.

ఇదే కుటుంబానికి చెందిన మరో పొరపాటు ఉంది. సూచీ 2021 మార్చిలో 156.8, 2025 మార్చిలో 192.0. ధరలు నాలుగేళ్లలో 22.4 శాతం పెరిగాయి. మరి ఆ నాలుగేళ్లూ బీరువాలోనే ఉండిపోయిన లక్ష రూపాయల విలువ 22.4 శాతం తగ్గిందా? లేదు. 1,00,000ను 1.2245తో భాగిస్తే 81,667 వస్తుంది, తగ్గుదల 18.3 శాతం. ధరలు రెట్టింపైతే, అంటే నూరు శాతం పెరిగితే, రూపాయి విలువ సగమవుతుంది తప్ప సున్నా కాదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ఇక్కడ తప్పు చేయడం కష్టం.

విశ్రాంత ఉద్యోగి కథలో ఇంతవరకు ఆదాయపు పన్ను రాలేదు. ఆయన 20 శాతం శ్లాబులో ఉన్నారనుకుందాం, సెస్సును పక్కన పెడదాం. పన్ను దేని మీద? కొనుగోలు శక్తి తగ్గినా, చట్టం చూసేది 5,000 వడ్డీనే. వెయ్యి రూపాయలు పన్నుకు పోతాయి. చేతిలో 1,04,000 మిగులుతుంది. దాన్ని 1.0695తో భాగిస్తే దాదాపు 97,240. నిజ రాబడి మైనస్ 2.76 శాతం.

ఇక్కడ వరుసక్రమమే ప్రాణం. ముందు పన్ను, తర్వాత ద్రవ్యోల్బణం. తిరగేసి, నిజ రాబడి మైనస్ 1.82 అని తేల్చుకుని దాన్ని 0.8తో గుణిస్తే మైనస్ 1.46 వస్తుంది. అంటే పన్ను కట్టడం వల్ల నష్టం తగ్గినట్టు! జవాబు చూసుకుంటేనే అనుమానం రావాలి. బహుళైచ్ఛిక ప్రశ్నల్లో ఈ మైనస్ 1.46, తీసివేతలో వచ్చే మైనస్ 1.95, పన్ను కలపని మైనస్ 1.82, సరైన మైనస్ 2.76 నాలుగూ పక్కపక్కనే కూర్చోగలవు. ప్రతి తప్పుదారికీ ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది కాబట్టి, తనకొచ్చిన అంకె ఎంపికల్లో కనిపించిందని అభ్యర్థి సంబరపడటానికి లేదు.

నష్టంలో ఉన్నవాడి మీద పన్నేమిటని అడగవచ్చు, అది న్యాయమైన ప్రశ్నే. వడ్డీ విషయంలో మన చట్టం ఆ ప్రశ్నను ఏనాడూ పట్టించుకోలేదు. ఆస్తి అమ్మకాల్లో మాత్రం కొన్న ధరను ద్రవ్యోల్బణానికి తగ్గట్టు పెంచి చూపే సౌకర్యం చాలాకాలం ఉంది. 2024 జులై 23 నుంచి దాన్ని చాలావరకు ఎత్తేసి, దీర్ఘకాలిక లాభంపై 12.5 శాతం పన్ను పెట్టారు. ఆ తేదీకి ముందు కొన్న భూములు, భవనాల విషయంలో దేశంలో నివసించే వ్యక్తులకూ హిందూ అవిభక్త కుటుంబాలకూ పాత పద్ధతి ప్రకారం 20 శాతం లెక్కతో పోల్చుకునే వెసులుబాటు మిగిల్చారు. ఆ లెక్కకు వాడేది ఆదాయపు పన్ను శాఖ ఏటా ప్రకటించే వ్యయ ద్రవ్యోల్బణ సూచీ, 2001-02 సంవత్సరాన్ని 100గా తీసుకున్నది. అది వినియోగదారుల ధరల సూచీ కాదు. ఒకదాని స్థానంలో ఇంకోటి వాడకూడదు.

ఇప్పుడు అదే ఉద్యోగి 2024 మార్చిలో మళ్లీ లక్ష దాచారనుకుందాం. ఈసారి ఏడాది డిపాజిట్‌కు 6.8 శాతం. సూచీ 185.8 నుంచి 192.0కు చేరింది, పెరుగుదల 3.34 శాతం. పన్నుకు ముందు నిజ రాబడి 3.35 శాతం, 20 శాతం పన్ను పోయాక 2.04 శాతం. రెండు డిపాజిట్ల మధ్య పాస్‌బుక్కులో కనిపించే తేడా 1.8 శాతం పాయింట్లే. కొనుగోలు శక్తిలో తేడా మాత్రం పన్నుకు ముందు 5 శాతం పాయింట్లు దాటింది. ఈ తేడాలో పెద్ద వాటా వడ్డీ పెరగడం వల్ల కాదు, ధరల వేగం తగ్గడం వల్ల వచ్చింది. ఇక్కడే ఇంకో చిన్న మాట: ద్రవ్యోల్బణం 6.95 నుంచి 3.34కు తగ్గిందంటే ధరలు తగ్గాయని కాదు, నెమ్మదిగా పెరిగాయని. మార్చి నుంచి మార్చికి చూస్తే సూచీ ఈ కాలమంతా పైకే వెళ్లింది.

డిపాజిట్ చేసిన రోజున ఈ 6.95 గానీ 3.34 గానీ ఎవరికీ తెలియదు. ఆనాడు చేతిలో ఉండేది అంచనా మాత్రమే. అంచనాతో వేసే నిజ రాబడి ఒకటి, ఏడాది గడిచాక అసలు అంకెతో వేసేది ఇంకోటి. ఎక్కువమంది చేసేదేమిటంటే, పోయిన ఏడాది ద్రవ్యోల్బణాన్ని ఈ ఏడాది వడ్డీలోంచి తీసేయడం. 2021 మార్చిలో అలా చేసినవారికి 2020 మార్చి నుంచి 2021 మార్చి వరకు ఉన్న 5.52 శాతమే కనిపించేది, నష్టం అర శాతం దగ్గరే తేలేది. డబ్బు ఏ పన్నెండు నెలలు పెట్టుబడిలో ఉందో, ధరల మార్పూ ఆ పన్నెండు నెలలదే కావాలి.

ఏ సూచీ అన్నది తర్వాతి చిక్కు. అదే 2022 మార్చిలో టోకు ధరల ద్రవ్యోల్బణం 14 శాతం దాటింది. దాన్ని వాడితే మన ఉద్యోగి డిపాజిట్ దాదాపు 8 శాతం నష్టపోయినట్టు తేలుతుంది. కానీ ఆయన ఉక్కు, రసాయనాలు, ముడిచమురు టోకున కొనరు. బస్సు టికెట్టు, మనవడి స్కూలు ఫీజు, డాక్టరు ఫీజు కడతారు, టోకు సూచీలో సేవలకు చోటే లేదు. కుటుంబపు పొదుపు లెక్కకు వినియోగదారుల సూచీయే తగినది.

ఈ తేడాను ప్రభుత్వమే ఒకసారి అనుభవించి తెలుసుకుంది. బంగారం మీదికి పరుగెత్తుతున్న పొదుపును ఆపాలని 2013 జూన్‌లో ద్రవ్యోల్బణంతో ముడిపెట్టిన పదేళ్ల బాండ్లను రిజర్వు బ్యాంకు ద్వారా తెచ్చింది. నిజ వడ్డీ 1.44 శాతం, అసలు ధరలతోపాటు పెరుగుతుంది. కాకపోతే ముడిపెట్టింది టోకు సూచీతో. 2014 నవంబరు తర్వాత ముడిచమురు పతనంతో టోకు ద్రవ్యోల్బణం సున్నా కిందికి జారి ఏడాదికి పైగా అక్కడే ఉంది. ఆ సమయంలోనే ఇంటి ఖర్చుల సూచీ ఏటా 5 శాతం దగ్గర పెరుగుతోంది. పేరుకు ద్రవ్యోల్బణం నుంచి కాపాడే బాండు, ఇంట్లో కనిపించే ద్రవ్యోల్బణం నుంచి కాపాడలేకపోయింది. 2013 డిసెంబరులో చిన్న పొదుపుదారుల కోసం తెచ్చిన బాండ్లను వినియోగదారుల సూచీతో ముడిపెట్టి, దానిపై 1.5 శాతం ఇచ్చారు. అక్కడ లక్ష్యం సరిగానే కుదిరింది.

వినియోగదారుల సూచీకీ పరిమితి ఉంది. అది దేశపు సగటు బుట్ట. 2012 శ్రేణిలో ఆహారం, పానీయాల వాటా 45.86 శాతం. 2023 జులైలో టమాటా మంట మీద ఉన్నప్పుడు కూరగాయల ధరలు ఏడాదిలో 37 శాతం పెరిగి, మొత్తం ద్రవ్యోల్బణాన్ని 7.44 శాతానికి లాగాయి. ఆదాయంలో ఎక్కువ భాగం తిండికే పోయే ఇంటికి ఆ నెల బాధ అంకె కంటే ఎక్కువ. చక్కెర జబ్బు మందులకు, ఆసుపత్రి బిల్లులకు ఎక్కువ ఖర్చుపెట్టే వృద్ధుల బుట్ట మరోలా ఉంటుంది. రాష్ట్రాల మధ్యా తేడాలుంటాయి, 2022లో పలు నెలలు తెలంగాణ ద్రవ్యోల్బణం దేశ సగటును మించింది. పరీక్షలో ఇచ్చిన అంకెనే వాడాలి. సొంత ఇంటి లెక్క వేసుకునేవారు మాత్రం దాన్ని కొద్దిగా సవరించుకోక తప్పదు.

ఒక ఏడాది లెక్కలో పైసల్లో ఉండే తప్పు దీర్ఘకాలంలో కోట్లకు చేరుతుందని చెప్పడానికి పదవీ విరమణ ప్రశ్న ఒక్కటి చాలు. ఇది ఆర్థిక ప్రణాళిక పరీక్షల్లో తరచూ వచ్చే రకం. నేటి ఇంటి ఖర్చు నెలకు 40,000. విరమణకు 20 ఏళ్లుంది. ఆ తర్వాత 25 ఏళ్లపాటు ఖర్చు సాగాలి. ద్రవ్యోల్బణం 6 శాతం, పెట్టుబడిపై పన్నుపోను రాబడి 8 శాతం. ఏడాది ఖర్చు ఏడాది మొదట్లోనే తీసుకుంటారు. విరమణ నాటికి ఎంత సొమ్ము కావాలి?

మొదటి అడుగు అందరూ సరిగానే వేస్తారు. నేటి వార్షిక ఖర్చు 4,80,000. 1.06ను ఇరవైసార్లు గుణిస్తే 3.2071. విరమణ తొలి ఏడాది ఖర్చు 15,39,425. నెలకు 1.28 లక్షలన్నమాట. ఇక్కడ ఆగి 8 శాతంతో 25 ఏళ్ల యాన్యుటీ విలువ కట్టేస్తారు కొందరు. గుణకం 11.53, కావలసిన సొమ్ము 1.77 కోట్లు. తప్పెక్కడుంది? 8 శాతం నామినల్ రేటు. దానితో విలువ కట్టాలంటే ఖర్చులు కూడా నామినల్‌గా, అంటే ఏటా 6 శాతం పెరుగుతూ ఉండాలి. ఈ లెక్కలో ఖర్చు పాతికేళ్లూ 15.39 లక్షల దగ్గరే గడ్డకట్టింది. విరమణ రోజు వరకు ధరలు పెరిగి, ఆ మరుసటి రోజు నుంచి ఆగిపోయాయన్నమాట.

సరైన దారి రెండు విధాలు. ఏటా పెరిగే ఖర్చులను ఒక్కొక్కటిగా రాసి 8 శాతంతో విలువ కట్టవచ్చు, పాతిక వరుసలు పడతాయి. లేదా ఖర్చును స్థిరంగా ఉంచి, రేటునే నిజ రేటుగా మార్చుకోవచ్చు. 1.08 ÷ 1.06 = 1.018868, అంటే 1.8868 శాతం. ఆ రేటుతో, ఏడాది మొదట్లో తీసుకునే పద్ధతిలో, 25 ఏళ్ల గుణకం 20.16. కావలసిన సొమ్ము దాదాపు 3.10 కోట్లు. రెండు దారుల్లోనూ ఇదే జవాబు. రేటును తీసివేతతో 2 శాతం అనుకుంటే 3.07 కోట్లు వస్తుంది, దాదాపు నాలుగు లక్షలు తక్కువ. 1.77 కోట్ల జవాబు మాత్రం కోటీ ముప్ఫై మూడు లక్షలు తక్కువ. ఆ లెక్కను నమ్మినవారి సొమ్ము, ఖర్చులు నిజంగా 6 శాతం చొప్పున పెరిగితే, పాతికేళ్లలో సగానికి కాస్త అటుగా నిండుకుంటుంది.

కంపెనీల పెట్టుబడి ప్రాజెక్టుల లెక్కల్లోనూ నియమం ఇదే. వచ్చే నగదు నేటి ధరల్లో ఇస్తే నిజ రేటు, పెరిగే ధరల్లో ఇస్తే నామినల్ రేటు. రెంటినీ కలగలిపితే మంచి ప్రాజెక్టు చెడ్డదిగా, చెడ్డది మంచిదిగా కనిపిస్తుంది. కాబట్టి ప్రశ్నపత్రం అందగానే క్యాలిక్యులేటర్ తీయకుండా, ఇచ్చిన ప్రతి అంకె పక్కన అది ఏ నాటి రూపాయో, పన్నుకు ముందుదో తర్వాతదో పెన్సిల్‌తో రాసుకోండి.